సుద్దబిళ్లతో గీసిన నొప్పి

వీధిలో అందరికీ ఆయన దర్జీ మావయ్య. బతికున్నన్నాళ్లూ ఆయన తొక్కుడు మిషను టకటకలాడితేనే మాకు తెల్లారినట్టు. హెర్నియా ఆపరేషనయ్యాక కొన్నాళ్లు ఆ చప్పుడు ఆగిపోయింది. కుట్లు మానాయి, మచ్చ సన్నబడింది. కానీ పాదం ఆడించగానే గజ్జలో సూది దిగినట్టయి, మంట వృషణం దాకా లాగేది.

ఆ చోటి పేరు అత్తయ్య ముందు ఎత్తాలంటే ఆయనకు సిగ్గు. "మోకాలు" అనేశాడు. ఇంకేముంది, ఆవిడ రెండు పూటలా మోకాలికి నూనె పట్టించింది. మోకాలు నిగనిగలాడింది. నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఇంత తోమితే ఇత్తడి బిందె కూడా మాట వినేది. ఇక మిషను అమ్మేద్దాం లెండి," అందావిడ ఓ రోజు.

మిషను మాటతో సిగ్గు ఎగిరిపోయింది. "మోకాలు కాదే!" అంటూ అసలు చోటు చెప్పాడు.

అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "ఇన్నాళ్లూ ఉత్తి మోకాలికి సేవ చేయించారా!" అని మర్నాడే డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

హెర్నియా తిరగబెట్టలేదు. స్కానులో వృషణం బాగానే ఉంది. "నొప్పి ఎంతమేర ఉందో గీయండి," అని డాక్టరు పెన్నిచ్చాడు. మావయ్య అలవాటు కొద్దీ జేబులోని సుద్దబిళ్ల తీసి, నొక్కి చూసుకుంటూ, గజ్జ వెంట తొడ లోపలి అంచు దాకా జాకెట్టు ముక్కకు గీసినట్టే గీశాడు. గీత లోపల డాక్టరు దూది తాకించినా మంటే. బయట ఏమీ లేదు.

"ఇదంతా ఒకే నరం మేర. మచ్చలోనో, హెర్నియాకి దన్నుగా లోపల వేసిన వల లాంటి జాలీ దగ్గరో చిక్కుకున్నట్టుంది," అన్నాడు డాక్టరు.

"పైగుడ్డతో అస్తరు కూడా కలిపి కుట్టేశారన్నమాట! నా దగ్గరైతే విప్పి కుట్టమంటారండీ."

డాక్టరు పకపకా నవ్వాడు. "విప్పడం ఆఖరి మాట. ముందు నరాల మాత్రలు, నరం పక్కన మత్తు ఇంజెక్షను. దాంతో తగ్గితే దోషి ఆ నరమేనని తేలుతుంది. ఎన్నిసార్లు వేసినా తిరగబెడితే నరాన్ని కత్తిరించే ఆపరేషను. అప్పుడా చోట మొద్దుబారుతుంది. అందరికీ పూర్తిగా పోతుందనీ మాటివ్వలేను."

స్కానులో చూస్తూ తుంటి ఎముక పక్కన, ఆ నరం వచ్చే దారిలో మత్తు సూది వేశాడు. కాసేపటికి మావయ్య బెంచీ మీద కూర్చుని, మిషను లేకుండానే పాదం ఆడించడం మొదలెట్టాడు. ఆడిస్తూనే ఉన్నాడు.

"ఏమైందండీ?" అంది అత్తయ్య కంగారుగా.

"జాకెట్టు చేతులు అయిపోయాయి. మెడ కుడుతున్నా."

సాయంత్రానికి నొప్పి మళ్లీ వచ్చింది. అత్తయ్య డీలాపడితే, "మత్తు దిగితే వస్తుందని ముందే చెప్పాడుగా. దొంగ దొరికాడు, అది చాలదూ?" అన్నాడు మావయ్య. మాత్రలు వాడాడు, ఇంకొన్ని ఇంజెక్షన్లు వేయించుకున్నాడు. ప్రతిసారీ హాయి ఎక్కువ రోజులు నిలిచింది. కత్తి దాకా పోనక్కర్లేకపోయింది. ఎప్పుడైనా ఓ చురుకు మిగిలేది, అంతే.

ఓ పొద్దున వీధికి మళ్లీ టకటకలు వినిపించాయి. పక్కింటావిడ కాఫీ గ్లాసుతో సహా గుమ్మంలోకి వచ్చేసింది. లోపల్నుంచి అత్తయ్య గొంతు:

"ఏమండీ, మీ మోకాలి నూనె సగం సీసా మిగిలింది. మిషనుకు పోయనా?"