పెద్దాయన పోసిన నూనె

చంద్రగిరిలో రాజులు పోయి కోట మిగిలింది. చిత్తూరు జిల్లా ముక్కలైంది. తిరుపతిలో పూటకూళ్ళ ఇళ్ళు పోయి లాడ్జీలు వచ్చాయి, జట్కాలు పోయి ఆటోలు వచ్చాయి. కాలం ఇన్నిటిని మింగినా, బస్టాండు వెనక సందులో ఒక్క విషయం జోలికి మాత్రం రాలేకపోయింది. మునిరత్నం బజ్జీల అంగట్లో నూనె ఇంతవరకూ ఒక్కసారి కూడా పూర్తిగా మారలేదు.

ఈ వంశానికి మూలపురుషుడు మునిరత్నం తండ్రి మునిచంద్ర. నాలుగు చక్రాల బండి పెట్టిననాడు ఆయన తన చేత్తో నూనె పోశాడు. రాత్రి బండి కట్టేసేటప్పుడు మిగిలిన నూనెను పాత పంచెగుడ్డలో వడగట్టి డబ్బాలో దాచాడు. మర్నాడు దాన్నే బాణలిలో పోసి, తగ్గినంత కొత్తది కలిపాడు. ఆ తర్వాత రోజూ అంతే. పాలకు మజ్జిగ తోడు వేసినట్టు కొత్త నూనెకు పాత నూనె తోడు. అడుగున మిగిలే గరిటెడు నూనె లక్ష్మి అనీ, దాన్ని పారబోస్తే అంగడి మూతపడుతుందనీ ఆయన కొడుక్కి చెప్పిపోయాడు. బండి పోయి రేకుల అంగడి వచ్చింది, కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చింది, పెద్దాయన పటమై గోడెక్కాడు. తోడు మాత్రం అవిచ్ఛిన్నంగా సాగింది.

ఈ వైభవం ముందు నిలబడి పొగ పీల్చే బాధ్యత పెద్దాయన కోడలు చెంగమ్మది. మునిరత్నం గల్లాపెట్టె దగ్గర కూర్చుని చట్నీ పోస్తాడు, పొట్లం కడతాడు, వచ్చినవాళ్ళతో లోకాభిరామాయణం నడుపుతాడు. చెంగమ్మ మిరపకాయలు చీల్చి, వాము కూరి, శనగపిండిలో ముంచి నూనెలో వేస్తుంది. పెళ్ళయిన ఏడాది నుంచీ ఆమె స్థానం అదే. మొగుడి మొహం కంటే ఆ బాణలి మొహం ఆమెకు ఎక్కువ తెలుసు.

తెలియడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు, కళ్ళూ ముక్కూ ఉంటే చాలు. ప్యాకెట్టు కత్తిరించి పోసినప్పుడు తేనె రంగులో ఉండే నూనె, పాతదాంట్లో కలిసిన గంటకే కాఫీ డికాక్షనవుతుంది. పిండి వేస్తే నురగ పొంగుతుంది. మంచి నూనెలో బుడగలు లేచి అణిగిపోతాయి. ఈ నురగ మాత్రం సబ్బునీళ్ళ మాదిరి అంచుదాకా వచ్చి అక్కడే కూర్చుంటుంది. బజ్జీ వేయడానికి చాలినంత కాగకముందే పొగ లేస్తుంది. గరిటె ఎత్తితే పల్చగా జారాల్సిన నూనె పాకంలాగా సాగుతుంది. తీసిన బజ్జీ కాగితం మీద పెడితే కాగితం తడిసి బల్ల కనబడుతుంది. వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎండలో మరిచిపోయిన రంగు డబ్బా మూత తీసినట్టుంటుంది.

ఆ పొగే చెంగమ్మకు దగ్గయింది. మొదట సాయంకాలాలు వచ్చేది, తర్వాత అంగడి కట్టేసినా వదలలేదు. సర్కారు ఆసుపత్రికి పోతే డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, కట్టెల పొయ్యా అని అడిగింది. గ్యాసు పొయ్యేనని చెంగమ్మ చెప్పింది.

"మరి పొగ యాడిదమ్మా?"

"నూనెది."

"ఎన్నాళ్ళకు మారుస్తారు నూనె?"

చెంగమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టబోయి మానేసింది. చివరికి, "మా మామ పోసిందే ఇంకా ఉండాది మేడమ్" అంది.

డాక్టరమ్మ రాయడం ఆపి తలెత్తింది. కాగిందే కాగితే నూనె విరిగిపోతుందని, ఆ పొగ ఊపిరితిత్తులకు చెరుపని, అందులో వేయించినవి రోజూ తింటే గుండెకూ రక్తనాళాలకూ మంచిది కాదని చెప్పింది. పాతదాంట్లో కొత్తది కలిపితే పాతది బాగుపడదు, కొత్తదే తొందరగా చెడుతుందని కూడా చెప్పింది. "నేను మందు రాస్తా. కానీ మార్చాల్సింది నూనె" అంది.

చెంగమ్మ ఇంటికొచ్చి ఆ మాట మొగుడికి అప్పజెప్పింది.

"డాక్టర్లకు ఇదొక అలవాటు," అన్నాడు మునిరత్నం. "నూనె తినొద్దు, ఉప్పు తినొద్దు, తీపి తినొద్దు. మా నాయన ఎనబై ఏండ్లు బతికినాడు, ఈ నూనె దగ్గిరే బతికినాడు."

"దగ్గిర బతికినాడులే. అందులో కాలిన బజ్జీ ఒకటన్నా తిన్నాడా?"

"ఆయనకు సంగటే ఇష్టం."

"అదే నేననేది."

మునిరత్నం పటం వంక చూశాడు. పటం ఏమీ మాట్లాడలేదు. ఆయన దాన్ని సమ్మతిగా లెక్కకట్టాడు.

ప్రభుత్వం కూడా ఒకసారి ఈ చరిత్రలో వేలు పెట్టబోయింది. ఆహార తనిఖీవాళ్ళ వ్యాను సందు మొదట్లో ఆగింది. థర్మామీటరు లాంటి యంత్రాన్ని కాగుతున్న నూనెలో ముంచితే, అందులో విరిగిపోయిన సరుకు ఎంతుందో చెబుతుందట. నూటికి ఇరవై ఐదు పాళ్ళు దాటితే ఆ నూనె వాడకూడదు. వాళ్ళు మొదటి అంగడి దగ్గర ముంచుతుండగానే మునిరత్నం తలుపు దించి, అత్తగారు చనిపోయారని అట్టముక్క తగిలించాడు. ఆవిడ చనిపోవడం అది రెండోసారి. మొదటిసారి నిజంగానే పోయింది. పోయిన తల్లిని వ్యానుకు అడ్డం పెట్టినందుకు చెంగమ్మ రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. మూడోనాడు మాట్లాడక తప్పలేదు, పిండిలో సోడా ఎంత వేయాలో ఆయనకు తెలియదు.

అంతదాకా ఆమెది విసుగు. అది కోపమైంది మాత్రం ఒక వాన రోజున. అంగడి తెరవలేదు. మునిరత్నం ఇంట్లో దుప్పటి కప్పుకుని కూర్చుని, "చెంగా, నోరు చప్పగా ఉండాది. రెండు బజ్జీలు వేసిపెట్టు" అన్నాడు. చెంగమ్మ లేచి, అంగట్లో అలవాటు కొద్దీ, వసారాలో ఉన్న పాత నూనె డబ్బా మీద చెయ్యి వేసింది.

"అది కాదే. ఇంట్లో నూనెతో."

ఆమె చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది. ఆ మాట ఆమెకు కొత్తది కాదు. ఏళ్ళ తరబడి వింటున్నదే, వింటూ చేస్తున్నదే. ఇంట్లో పండగొచ్చినా, చుట్టాలొచ్చినా, కూతురు మహిత తను పనిచేసే శ్రీ సిటీ ఫ్యాక్టరీ నుంచి సెలవుకొచ్చినా, వడలకు చిన్న మూకుడు వేరే, ప్యాకెట్టు నూనె వేరే. మిగిలింది రెండు రోజుల్లో తాలింపుకు వాడేసేవాళ్ళు. అంగడి నూనె గడప దాటి వంటింట్లోకి వచ్చిన దాఖలా లేదు. ఎవరూ నియమం పెట్టలేదు, ఎవరూ కారణం అడగలేదు. మైల గిన్నెను పక్కన పెట్టినంత సహజంగా జరిగిపోతున్నది. అంటే ఈ మనిషికి తెలుసు! ఊరందరి కడుపూ, పెళ్ళాం ఊపిరీ ఏమైపోయినా సరే, తన నోటికి మాత్రం ఇంట్లో నూనె!

ఆ రోజు ఆమె బజ్జీలు వేసి పెట్టింది. ఏమీ అనలేదు. అది మంచి శకునం కాదని మునిరత్నానికి తట్టలేదు.

మర్నాడు బుధవారం. సాయంకాలం అంగడి బల్ల నిండింది. బల్లకు శాశ్వతాధ్యక్షుడు గంగాధరం, బడిలో తెలుగు చెప్పి రిటైరైన అయివారు. పక్కన ఇద్దరు ఆటోవాళ్ళు. గంగాధరం బజ్జీ తుంచి, ఆవిరి ఊది, ఎప్పుడూ చెప్పేదే చెప్పాడు.

"రత్నమప్పా, ఈ రుచి కొత్త నూనెలో రాదప్పా. ఇది తరాల రుచి."

"మా నాయన చలవ అయివారూ," అన్నాడు మునిరత్నం పటం వైపు చెయ్యి చూపి.

చెంగమ్మ బాణలిలోంచి నాలుగు బజ్జీలు తీసింది. నల్లటి నురగ దులిపి ప్లేట్లో వేసి, చట్నీ పోసి, గల్లాపెట్టె మీద మొగుడి ముందు పెట్టింది.

"ఏందిది?"

"తరాల రుచి. తిను."

"నాకెందుకే ఇప్పుడు?"

"నాయన చలవ గదా. ఊరంతా తినింది. నువ్వొక్కడివే మిగిలిపోయినావు."

ఆటోవాళ్ళలో ఒకడు నవ్వాడు. మునిరత్నం కూడా నవ్వబోయాడు కానీ నవ్వు సగంలో ఆగింది.

"ఈ పొద్దు నాకు ఉపవాసం. శనివారం."

"బుధవారం గదప్పా," అన్నాడు గంగాధరం.

"అదే అయివారూ, బుధవారం కూడా పట్టినాను."

"పొద్దున నాలుగిడ్లీ తిన్నోడివి," అంది చెంగమ్మ. దగ్గు వచ్చింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని దగ్గి, మళ్ళీ అందుకుంది. "నిన్న ఇంట్లో తిన్నావు, ఉపవాసం లేదు. ఈడ తినమంటే ఉపవాసం. ఇంట్లో నూనె నీ నోటికి, ఈ నూనె వీళ్ళ నోటికి, ఈ పొగ నా రొమ్ముకు. ఎవరు పంచినారయ్యా ఈ పంపకం? మీ నాయనా, నువ్వా?"

మునిరత్నం బజ్జీ వంక చూశాడు. చేత్తో పట్టుకున్నాడు కూడా. నోటిదాకా తీసుకుపోయాడు. ముక్కు దగ్గరికి రాగానే, ఏ ఆలోచనా లేకుండా, అలవాటుగా, చెయ్యి దానంతట అదే కిందికి దిగింది.

డాక్టరమ్మ చెప్పలేనిదీ, వ్యానులో యంత్రం కొలవలేనిదీ ఆ చెయ్యి చెప్పింది.

గంగాధరం నోట్లో సగం బజ్జీ ఉంది. అయివారు మర్యాదస్తుడు, ఉమ్మలేడు. ఇప్పుడు మింగనూ లేడు. బుగ్గలో పెట్టుకుని కాసేపు తరాలను గురించి ఆలోచించాడు. చివరికి మింగి, మిగిలిన బజ్జీలున్న ప్లేటు బల్ల మీద పెట్టి లేచాడు.

"మంచిదప్పా, రోజూ రాత్రి నాకు గుండెల్లో మంటెందుకో ఇప్పుడు అర్థమైంది. వయసనుకుంటా ఉన్నాను."

ఆటోవాళ్ళు కూడా లేచారు. బల్ల ఖాళీ అయింది. చెంగమ్మ పొయ్యి ఆర్పింది. మునిరత్నం వద్దనలేదు.

ఆ రాత్రి నూనెను వడగట్టలేదు. చల్లారాక క్యానులో పోశారు. కాలువలో పోస్తే పేరుకుని సందంతా కంపు కొడుతుంది. లాడ్జీ వంటిళ్ళలో వాడేసిన నూనెను డీజిలు తయారీకి కొనుక్కుపోయే మనిషి ఒకడు ఆ వీధికి వస్తుంటాడు. పొద్దున అతను వస్తే చెంగమ్మ దగ్గరుండి క్యాను ఎత్తించింది. మునిరత్నం చివరి గరిటెడు నూనెను గ్లాసులో దాచబోయాడు.

"ఇదొక్కటీ ఉండనీ చెంగా. లక్ష్మి."

"ఉండనీ. తాగుతావా?"

గ్లాసు కూడా క్యానులోకి వంగింది.

బాణలి తోమడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. అడుగున తారు లాంటి జిగురు పొరలు పొరలుగా గడ్డకట్టి ఉంది. అట్లకాడతో గీకి, వేడినీళ్ళు పోసి, బూడిదతో రుద్దితే కింద ఇనుము కనబడింది. దాన్ని చూసి మునిరత్నం ఎవరో అపరిచితుణ్ణి చూసినట్టు చూశాడు. సాయంకాలం పూర్తిగా కొత్త నూనె పోశారు. ఎక్కువ రోజులు లాగాల్సిన పని లేకుండా తక్కువే పోశారు. పొగ రాలేదు. బుడగలు లేచి అణిగిపోయాయి. బజ్జీలు పసుపుపచ్చగా, పెళ్ళిచూపులకు వచ్చినట్టు సిగ్గుపడుతూ తేలాయి.

అంగడి మూతపడుతుందని మునిరత్నం రోజూ ఎదురు చూశాడు. మూతపడలేదు. అమ్మకం తగ్గలేదు, పెరగనూ లేదు. గంగాధరం రెండు రోజులు అలిగి మూడోనాడు వచ్చాడు. చెంగమ్మ దగ్గు పూర్తిగా పోలేదు కానీ రాత్రిళ్ళు నిద్ర పడుతున్నది.

శనివారం సాయంకాలం మునిరత్నం తన అంగట్లో, తన బాణలిలో వేగిన బజ్జీలు రెండు తిన్నాడు. పెద్దాయన పటం ముందు, బల్ల మీద అందరూ చూస్తుండగా, చరిత్రలో మొదటిసారి.

ఉప్పు తక్కువైందన్నాడు.