తలుపుల బాబాయ్ ఆకుపచ్చలోకి వచ్చిన నెల

ఇరవయ్యేళ్లపాటు తలుపులు మోసిన మనిషి కాబట్టి ఆఫీసులో అందరూ ఆయన్ని తలుపుల బాబాయ్ అనేవాళ్లు. ఆ కంపెనీ తలుపులూ కిటికీలూ చేసి అమ్ముతుంది. వాటిని గోడౌన్‌లో లారీకెక్కించడం, దించడం బాబాయ్ పని. ఒకరోజు బరువైన వీధి తలుపొకటి భుజానికెత్తుకోబోయి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. డాక్టర్ ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూసి, "ఇంకోసారి బరువెత్తావంటే మంచం మీంచి లేవవు" అని చెప్పేశాడు. పాత మనిషి కదా అని ఓనర్ జాలిపడి, బాబాయ్‌ని మేడమీద సేల్స్ గదిలో ఫోన్ దగ్గర కూర్చోబెట్టాడు.

చూడ్డానికి ఆ పని సుఖంగానే ఉంటుంది. వెబ్‌సైట్‌లో ఎవరైనా పేరు, నంబరు, అడ్రసు, ఏ తలుపు కావాలో నింపి పంపితే అది ఎంక్వయిరీ. కంప్యూటర్ ఆ ఎంక్వయిరీలను సేల్స్‌లో ఉన్న నలుగురికీ పేకముక్కలు పంచినట్టు వరసగా పంచుతుంది. తెరమీద ఫోన్ బొమ్మ నొక్కితే అవతలివాళ్లకి ఫోన్ వెళుతుంది. ఎంక్వయిరీ వచ్చిన దగ్గర్నుంచి బొమ్మ నొక్కేదాకా ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి, ఒక్కొక్కరికీ సగటు తీసి, ఆ రిపోర్టుని గోడమీది టీవీలో పెడతారు. ఐదు నిమిషాల లోపైతే పేరు ఆకుపచ్చ, పది లోపైతే పసుపు, అదీ దాటితే ఎరుపు.

బాబాయ్ పేరు మేడెక్కిన రోజు నుంచీ ఎరుపే.

బద్ధకం వల్ల కాదు. బాబాయ్‌కి మాట్లాడటం ఇష్టం. వానాకాలంలో తలుపు ఉబ్బి పట్టేస్తోందని ఎవరో ఒకావిడ అడిగిందనుకోండి, ఎందుకు ఉబ్బుతుందో, కింద అంచుకి రంగు వేయకపోతే నీళ్లెలా పీలుస్తుందో, అసలు మడతబందులు ఎవరు బిగించారో అన్నీ కనుక్కుంటూ అరగంట మాట్లాడేవాడు. ఆ అరగంటలో కంప్యూటర్ ఊరుకోదు కదా. ఆయన వంతుకి ఇంకో మూడు ఎంక్వయిరీలు వేసేసేది. అవి అక్కడ నానుతూ ఉండేవి.

పక్క కుర్చీలో కుర్రాణ్ని మెరుపు అనేవాళ్లు. వాడి సగటు ఎప్పుడూ నిమిషం దాటదు. ఎంక్వయిరీ పడగానే నొక్కుతాడు, ఒక్క రింగ్ వెళ్లగానే కట్ చేస్తాడు.

"వాళ్లు ఎత్తేదాకా అయినా ఆగవేంట్రా?" అన్నాడు బాబాయ్ ఒకరోజు.

"ఎత్తితే మాట్లాడాలి బాబాయ్. మాట్లాడితే లేటవుతుంది. కంప్యూటర్‌కి కావాల్సింది నొక్కానా లేదా, అంతే."

"మరి తలుపులెవరు అమ్ముతారు?"

"ఆ కాలమ్ వేరే రిపోర్టులో ఉంటుందిలే. అది టీవీలో రాదు."

ఒకటో తారీఖున మేనేజర్ అందర్నీ నిలబెట్టి రెండు ముక్కలు చెప్పాడు. ఒకటి, సొంత ఫోన్లు చూసుకుంటూ కూర్చోవడంవల్లే లేటవుతోంది కాబట్టి, పొద్దున్నే ఫోన్లన్నీ వాచ్‌మన్ దగ్గర డబ్బాలో వేయాలి. రెండోది, నెలాఖరుకి టీవీలో ఎరుపులో అట్టడుగున ఎవరుంటే వాళ్లని గోడౌన్‌కి పంపిస్తారు.

అందరూ టీవీ వైపు చూసి, తర్వాత బాబాయ్ వైపు చూశారు. బాబాయ్ తన నడుం వైపు చూసుకున్నాడు.

ఇంటికెళ్లి భార్యకి చెప్పాడు. ఆవిణ్ని మనం పిన్ని అనుకుందాం, బాబాయ్ భార్య మరి. గోడౌన్ మాట వినగానే పిన్ని నోట మాట రాలేదు. ఫోన్ డబ్బా మాట వినగానే మాత్రం వచ్చింది.

"మరి పగలు నీతో ఏదైనా చెప్పాలంటే ఎట్లా?"

"ఆఫీసు నంబరుకి చెయ్యి."

చేసింది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్నారు. నొక్కింది. పాట వేశారు. పాట అయిపోయాక మళ్లీ అదే పాట వేశారు. విసుగొచ్చి పెట్టేసి సెల్‌ఫోన్‌లో ఏదో చూస్తుంటే, వద్దన్నా వచ్చే ప్రకటనల మధ్యలో ఆ కంపెనీదే కనిపించింది. 'మీరు అడగండి చాలు. ఐదు నిమిషాల్లో మేమే ఫోన్ చేస్తాం.'

పిన్ని అడిగింది. ఏ తలుపు కావాలి అన్నచోట బాత్రూమ్ తలుపు అని పెట్టింది. ఇంకేమైనా చెప్పదల్చుకున్నారా అన్నచోట, 'బీరువా తాళాలు ఎక్కడ పెట్టావు' అని రాసింది.

అదృష్టం బాగుండి ఆ ముక్క బాబాయ్ వంతుకే పడింది. తెరమీద సొంత ఇంటి నంబరు కనిపించింది. ఎవరికేమయిందోనని వెంటనే నొక్కాడు. ఆ తర్వాత గుర్తొచ్చింది, ఈ ఫోన్లన్నీ రికార్డవుతాయని.

"నమస్కారం మేడమ్. మీ ఎంక్వయిరీ అందింది."

"మేడమా? ఎవరయ్యా మేడమ్?"

"మీరే మేడమ్. మీరు అడిగినవి ఫ్రిజ్ మీద ఉంటాయి మేడమ్. పాత డబ్బా వెనకాల."

"ఓహో. రికార్డింగా?"

"అవును మేడమ్."

"బాగుంది. నన్ను పెళ్లయ్యాక ఇంత మర్యాదగా ఎప్పుడూ పిలవలేదు. రోజూ అడుగుతాను అయితే."

అన్నట్టే అడిగింది. కంప్యూటర్‌కి ఓ నియమం ఉంది. ఒకే నంబరు నుంచి మళ్లీ ఎంక్వయిరీ వస్తే మొదట మాట్లాడినవాళ్లకే వెళ్తుంది, రిపోర్టులో మాత్రం కొత్తదాని కిందే లెక్క. అలా పిన్ని ముక్కలన్నీ బాబాయ్ దగ్గరికే రాసాగాయి. గ్యాస్ అయిపోయిందని ఒకటి, వాళ్ల తమ్ముడు వస్తున్నాడని ఒకటి, వచ్చిన తమ్ముడు వెళ్లట్లేదని ఇంకొకటి. బాబాయ్‌కి భార్యంటే ప్రేమ ఎంతో తెలీదుగానీ భయం మాత్రం ఉంది. ఎవరితో మాట్లాడుతున్నా సరే, "ఒక్క క్షణం ఉండండి" అని పక్కన పెట్టి, ఆవిడ నంబరు పడిన మరుక్షణం నొక్కేవాడు.

రెండు వారాలు తిరిగేసరికి టీవీలో వింత జరిగింది. బాబాయ్ పేరు పసుపైంది. ఇంకో నాలుగు రోజులకి ఆకుపచ్చైంది. అసలు కొనేవాళ్ల ఎంక్వయిరీలు ఎప్పటిలాగే నానుతున్నాయి, కానీ సెకన్లలో నొక్కిన పిన్ని ముక్కలు అన్ని పడ్డాక సగటు దిగక ఏం చేస్తుంది?

మేనేజర్ పొంగిపోయి, 'మా పర్యవేక్షణలో ఎర్రవాడు కూడా పచ్చబడ్డాడు' అని ఓనర్‌కి పంపించాడు. బాబాయ్ నోరు విప్పి నిజం చెబుదామనుకున్నాడు. నడుం గుర్తొచ్చి మూసుకున్నాడు.

కథ అక్కడితో ఆగేదే, కంప్యూటర్ మార్కులు వేయకపోతే. ఎవరు ఎక్కువసార్లు అడుగుతారో వాళ్లకి తలుపు మీద అంత మోజని దాని లెక్క. పిన్నికి అది నూటికి నూరు వేసి, పేరు పక్కన మంట బొమ్మ పెట్టింది. మంట బొమ్మవాళ్ల దగ్గరికి మేనేజరే స్వయంగా వెళ్లాలి.

"ఇంతగా అడుగుతుంటే ఇంకా ఒక్క తలుపు అమ్మలేదేం బాబాయ్? పద, కొలతలు తీసుకొద్దాం. నిన్నయితే నమ్ముతుంది."

"నేనెందుకులే సార్, ఇక్కడ ఎంక్వయిరీలు ఆగిపోతాయి."

"అందుకే నువ్వంటే నాకిష్టం. పద."

కారులో బాబాయ్ మేనేజర్ పక్కన కూర్చున్నాడు. వీధి మొదట్లో మేనేజర్ తప్పు మలుపు తిరగబోతుంటే అలవాటుగా, "ఎడమ, ఎడమ" అనేశాడు.

"నీకెలా తెలుసు?"

"ఈ వైపు చాలా తలుపులు మోశాను సార్."

పిన్ని తలుపు తీసింది. మేనేజర్ని చూసి, "రండి సార్, కూర్చోండి" అంది. వెనకాల మొగుణ్ని చూసి, అలవాటు కొద్దీ, "కాళ్లు కడుక్కుని రా. టవల్ తీగమీద ఉంది" అంది.

బాబాయ్ కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. మేనేజర్ కుర్చీలో కూర్చుని గోడమీద పెళ్లి ఫోటో చూశాడు. ఫోటోలో పెళ్లికొడుకుని చూశాడు. తడికాళ్లతో వస్తున్న బాబాయ్‌ని చూశాడు.

"ఈవిడ..."

"మా ఆవిడ సార్."

"ఆ ఎంక్వయిరీలన్నీ..."

"ఫోన్ డబ్బాలో వేయించుకున్నారు కదా సార్," అంది పిన్ని. "నేను ఆయనతో ఎట్లా మాట్లాడాలి?"

మేనేజర్ తలపట్టుకున్నాడు. "నేను ఓనర్‌కి పంపించేశాను బాబాయ్. ఫోటో కూడా పెట్టాను. ఇప్పుడు ఇవన్నీ తీసేస్తే నువ్వు అడుగుకి పోతావు, నేను నీకంటే కిందకి పోతాను."

బాబాయ్‌కి కళ్లముందు గోడౌన్ కనిపించింది. ఆ తలుపుల వరసలు చూస్తేనే నడుం కలుక్కుమంది.

"సార్," అంది పిన్ని, "నేను అబద్ధం ఏం అడిగాను? బాత్రూమ్ తలుపనే కదా పెట్టాను. ఇటు రండి."

మేనేజర్ వెళ్లి చూశాడు. బాత్రూమ్‌కి తలుపు లేదు. పాత దుప్పటి తాడుకి వేలాడుతోంది.

"ఇరవయ్యేళ్లు తలుపులు మోశాడు. ఒక్కటి ఇంటికి తేలేదు. మా తమ్ముడు స్నానం చేస్తున్నంతసేపూ పాట పాడాలి, లోపల మనిషున్నాడని తెలియడానికి."

మేనేజర్ ముఖంలో వెలుగొచ్చింది. "అయితే మీరు నిజంగా కస్టమరే."

"నిజం కాకపోతే మీరెందుకు వస్తారు? తగ్గించి ఇస్తే తీసుకుంటాను. ఆయన కుర్చీ ఆయనకే ఉండాలి."

"ఉంటుందమ్మా. ఆ తలుపు ఆయనే అమ్మినట్టు రాస్తాను."

"మరి నేనే కదా కొంటున్నది," అన్నాడు బాబాయ్.

"నువ్వు ఊరుకో," అన్నారు ఇద్దరూ.

నెలాఖరున ఓనర్ మేడమీదికి వచ్చాడు. సెకన్లలో ఫోన్ చేసి, విసుక్కోకుండా అన్నిసార్లు మాట్లాడి, చివరికి తలుపు అమ్మిన మనిషని బాబాయ్ భుజం తట్టాడు. మెరుపు ఎన్ని తలుపులు అమ్మాడని అడిగాడు. మెరుపు టీవీ వైపు చూపించాడు. ఓనర్ టీవీ చూడలేదు.

"ఇంత బాగా మాట్లాడే మనిషి ఫోన్‌లో ఉండగా మధ్యలో కొత్తవి ఎందుకు వేస్తున్నారయ్యా?" అన్నాడు మేనేజర్‌తో. "ఖాళీగా ఉన్నవాళ్లకి వెయ్యండి."

మేనేజర్ ఆ సాయంత్రమే కంప్యూటర్‌లో అలా మార్పించాడు. ఇక బాబాయ్ అరగంట మాట్లాడితే ఆ అరగంటలో పడినవన్నీ పక్కవాళ్లకే. మెరుపుకి ఇప్పుడు నొక్కి నొక్కి వేలు వాచింది. ఎవర్నీ గోడౌన్‌కి పంపలేదు, ఆ నెల టీవీలో అందరూ పచ్చగానే ఉన్నారు కాబట్టి. బాబాయ్ మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు.

అయితే తలుపు అమ్ముడుపోగానే పిన్ని కొనేవాళ్ల జాబితాలోంచి కొన్నవాళ్ల జాబితాలోకి మారిపోయింది. మర్నాడు ఆవిడ ఎప్పట్లా ఫారం నింపితే బాబాయ్‌కి రాలేదు. సర్వీసు గదిలో అమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, తలుపుతో ఏమైనా ఇబ్బందా?" అంది.

"తలుపు బానే ఉంది. ముందు ఒకాయన చేసేవాడు, ఆయన్ని పిలువు."

"ఆయన మీద కంప్లయింటా మేడమ్?"

పిన్ని ఒక్క క్షణం ఆలోచించింది. "రాసుకో తల్లీ, చాలా ఉన్నాయి."

కంప్లయింట్ అయితే అమ్మినవాడే జవాబివ్వాలి, అదీ ఒక్కరోజు లోపల. మధ్యాహ్నానికల్లా అది ఎర్రటి జెండాతో బాబాయ్ తెరమీద ప్రత్యక్షమైంది. ఆయన హెడ్‌ఫోన్ సర్దుకుని, గొంతు సవరించుకుని నొక్కాడు.

"నమస్కారం మేడమ్. మీ కంప్లయింట్ అందింది."

"అందిందా? అయితే వచ్చేటప్పుడు గొళ్లెం పట్టుకురా. తలుపుతో గొళ్లెం ఇవ్వరట, అది వేరే కొనుక్కోవాలట. మా తమ్ముడు ఇంకా పాడుతూనే ఉన్నాడు."