నా మడతల మీద ద్రాక్షతీగ

మా ఆవిడకు తన దుకాణం కోసం ఒక మోడల్ కావలసి వచ్చినప్పుడు తాడేపల్లిగూడెం అంతా గాలించి చివరికి నన్ను ఎంపిక చేసింది. గాలించిందని నేనంటున్నాను. నిజానికి ఆమె కుట్టుమిషను ముందు నుంచి లేవకుండానే మెడ తిప్పి చూసింది. అప్పుడే నేను ఏలూరులో కాలేజీ ఆఫీసు పని ముగించుకుని, రైల్లో నలిగి, దుకాణం గుమ్మం మీద చెయ్యి ఆనించి చెప్పులు విప్పుతున్నాను.

"ఏవండీ, అలాగే ఉండండి. చెయ్యి దించకండి."

నేను అలాగే ఉన్నాను. పెళ్లయిన నాటి నుంచీ అలాగే ఉన్నాను కనుక కొత్తగా కష్టమేమీ అనిపించలేదు. ఆమె ఫోనుతో ఫొటో తీసింది. ఒంటి మీద లేత బూడిదరంగు సాదా చొక్కా. ఎత్తిన చేతి చంక దగ్గర నుంచి ముడతలు విసనకర్రలా విచ్చుకున్నాయి. పొట్ట దగ్గర గుండీ ఒకటి ఉద్యోగం మానేస్తానని బెదిరిస్తోంది. సాదా గుడ్డ మీద మడతలూ నీడలూ స్పష్టంగా పడతాయట, అందుకే ఈ చొక్కా సరిగ్గా సరిపోయిందట. నా అందం గురించి ప్రస్తావన రాలేదు.

ఇదంతా ఎందుకంటే, ఆమె పుట్టిన ఊరు కైకలూరు అవతల, చేపల చెరువుల మధ్య ఉంటుంది. అక్కడి చర్చి వార్షికోత్సవానికి మగవాళ్లందరికీ ఒకే గుడ్డతో చొక్కాలు కుట్టించాలని సంఘం అనుకుంది. మా దుకాణానికి ఎదురుగా రెడీమేడ్ షోరూం వచ్చాక జనం అద్దాల తలుపు వైపే నడుస్తున్నారు. ఈ పని చేతికి రాకపోతే దుకాణం ఖాళీ చేసి మిషను ఇంటికి తెచ్చేస్తానని ఆమె అప్పటికే చెప్పేసింది. ఆ మాట ఏడుస్తూ చెప్పి ఉంటే ఓదార్చేవాణ్ణి. బొత్తాలు కుడుతూ చెప్పింది, అందుకే భయం వేసింది.

చిక్కల్లా సంఘపెద్ద గారితో. ఆయన ఆమెకు రక్తసంబంధం కాకపోయినా ఊరి వరసలో పెదనాన్న. ముక్క గుడ్డ పంపితే తెలియదు, ఒంటి మీద ఎలా ఉంటుందో చూపించమన్నారు. మొదట చేపల బొమ్మల గుడ్డ చూపించారట ఎవరో. వారమంతా చేపలతోనే ఉంటాం, ఆదివారం కూడా వాటిని మోసుకు రావాలా అని తిప్పి పంపేశారు. మా ఆవిడ ద్రాక్షతీగల గుడ్డ వెతికి పట్టుకుంది. నీలం మీద తెల్ల తీగలు, గుత్తులు. ద్రాక్షతీగ బైబిల్లో ఉన్నదే, చర్చికి ఇంతకన్నా తగిన గుడ్డ దొరకదు. వాళ్లు ఒప్పుకోకముందే గుడ్డ కొయ్యడం దండగ కనుక, దాన్ని కుట్టకుండానే కుట్టినట్టు చూపించాలి.

ఫోనులో ఒక ఏఐ యాప్ ఉంది. నా ఫొటో ఒకటి, గుడ్డ ఫొటో ఒకటి ఇచ్చి, ఈ చొక్కా మీద ఆ అచ్చు వెయ్యమంటే వేస్తుంది. గుడ్డను మడతల్లేకుండా నేల మీద పరిచి, ఆమె స్టూలెక్కి పైనుంచి ఫొటో తీసింది. గుడ్డలో మడత ఉంటే అది కూడా అచ్చులో భాగమనుకుని నా ఛాతీ మీదికి తెస్తుందట. నాకున్నవి చాలవన్నట్టు.

మొదటి చిత్రం వచ్చింది. నేను చాలాసేపు దాన్ని ప్రేమగా చూసుకున్నాను. గుండీల దగ్గర లాగుడు లేదు, చంక దగ్గర ముడత లేదు, పొట్ట లేదు. పొట్ట కొట్టేవాళ్లను లోకం తిడుతుంది గానీ, నా మటుకు నేను ఆ యాప్‌కు చేతులెత్తి మొక్కాను. ఆ చిత్రం ఫ్రేము కట్టించి అత్తగారింట్లో పెట్టిద్దామన్నాను.

"గోడకు కేలండరు అంటించినట్టుంది. ఒంటి మీద గుడ్డలా ఉందా ఇది?" అంది ఆమె.

నిజమే. తీగలన్నీ స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా ఉన్నాయి. మనిషి మాత్రం చెయ్యెత్తి ఉన్నాడు. ఆమె మళ్లీ రాసింది. అచ్చు ఒక్కటే మార్చాలి. మడతలు, నీడలు, కాలరు, గుండీలు, జేబు, మనిషి భంగిమ ఏవీ కదలకూడదు. గుడ్డ ఎక్కడ వంగితే తీగ కూడా అక్కడ వంగాలి, ముడత లోపలికి పోయిన చోట గుత్తి కూడా సగం లోపలికి పోవాలి. ఇంత వివరంగా నా గురించి ఆమె ఎవరికీ చెప్పడం నేను వినలేదు.

రెండో చిత్రంలో నేను నేనైపోయాను. నీడలన్నీ పాత చోటే ఉన్నాయి. తీగ చంక దగ్గర ముడతలో దూరి అవతల తేలింది. పొట్ట తిరిగి వచ్చింది, ఈసారి తోటతో సహా. ఆమె తృప్తిగా తలూపి ఊరికి పంపింది. సాయంత్రానికి సంఘం ఒప్పుకున్నదని కబురు వచ్చింది. చిన్న చిన్న గుత్తులు, గంభీరంగా ఉన్నాయన్నారట పెదనాన్న గారు. ఆదివారం వచ్చి కొలతలు తీసుకోమన్నారు.

వెళ్లే ముందు నమూనాగా ఒక చొక్కా నా కొలతకు కుట్టింది. నేను తొడుక్కుని, అలవాటు ప్రకారం గుమ్మం మీద చెయ్యి ఆనించాను. ఆమె నన్ను చూసింది, ఫోను చూసింది, మళ్లీ నన్ను చూసింది. టేపు తీసింది. చిత్రంలో జేబు మీద మిరియాల్లాంటి గుత్తులు బోలెడున్నాయి. నా జేబు మీద ఉన్నది ఒక్కటే గుత్తి, అదీ జేబంత.

తప్పు యాప్‌ది కాదు. స్టూలెక్కి తీసిన ఫొటోలో గుడ్డ పన్నా, అంటే అడ్డం వెడల్పు మొత్తం, బారెడు పొడవుతో సహా ఉంది. దానికి గుత్తి అసలు కొలత ఎంతో ఎవరు చెప్పారు? అంత గుడ్డనూ పాపం నా ఛాతీ మీదే సర్దింది. నా ఛాతీ మీద దానికి అంత గౌరవం ఉండటం నాకు నచ్చింది గానీ, ఆమె ముఖం చూసి ఆ మాట అనలేదు. వేరే మాట అన్నాను. వాళ్లు ఒప్పేసుకున్నారు కదా, అందరికీ కుట్టేశాక గుత్తి పెద్దదో చిన్నదో ఎవరు కొలుస్తారని.

"మా ఊరండీ అది," అంది.

ఆమె గుడ్డ ఫొటోను కత్తిరించి, చొక్కా ముందు భాగం ఎంత వెడల్పో అంత వెడల్పు గుడ్డ మాత్రమే ఉంచింది. ఒక గుత్తి జేబు వెడల్పు ఉండాలని కూడా రాసింది. మూడో చిత్రం వచ్చింది. ఈసారి ఒక గుత్తి సరిగ్గా పొట్ట మీద, మడతకు పైన పండి వేలాడుతోంది. అది పంపి, ముందు పంపినదాంట్లో కొలత తప్పిందని, గుడ్డ నిజంగా ఇలా ఉంటుందని వాయిస్ మెసేజ్ పెట్టింది.

పెదనాన్న గారు ఫోను చేశారు. కోప్పడలేదు. ఆయన మెత్తగా మాట్లాడే మనిషి, అదే కష్టం. "మొదటిదీ ఫొటోయే, ఇదీ ఫొటోయే కదమ్మా. దేన్ని నమ్మమంటావు? పోనీ, మేం వేరే చోట చూసుకుంటాంలే" అన్నారు. ఆమె ఆదివారం ఎలాగూ వస్తున్నామండీ, చొక్కా కళ్లతో చూసి అప్పుడు వద్దనండి అని అడిగింది. ఆయన సరేనన్నారు. చొక్కా అంది గానీ, అది ఏ హేంగరుకు తగిలించి ఉంటుందో నాకు తెలుసు.

ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి వరండాలో నన్ను నిలబెట్టారు. స్తంభం మీద చెయ్యి ఆనించమన్నారు. ఊరి మగవాళ్లందరూ చుట్టూ చేరారు. చెరువుల మీద పని చేసే వాళ్ల చూపు చాలా నిశితం. నీళ్ల రంగు చూసి లోపల చేపకు ఏమైందో చెప్తారు, నా ముడతలు వాళ్లకో లెక్కా? ఫోను నా భుజం పక్కన పెట్టి, ఇది ఇక్కడుంది, అది అక్కడుంది అని వేలితో తాకుతూ సరిచూశారు. ఊరి అల్లుణ్ణి కాబట్టి మర్యాదగానే తాకారు. పొట్ట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగారు. "అల్లుడు గారు మాత్రం ఫొటోలో కొంచెం తక్కువే," అన్నారెవరో. ఊపిరి బిగబట్టే శక్తి ఇమ్మని లోపల దేవుణ్ణి వేడుకున్నాను, ఆదివారం కదా, ఆయన చాలామంది మాట వినాలి.

పెదనాన్న గారు అందరికన్నా చివర వచ్చారు. ఆయన ఆకారం ఇంచుమించు నా ఆకారమే, కాస్త ముందు తరం. ఆయన చూపు సూటిగా గుండీల పట్టీ మీద ఆగింది.

"ఫొటోలో ఇక్కడ గుత్తి పూర్తిగా ఉంది. చొక్కా మీద రెండు ముక్కలైంది. మరిదేంటమ్మా?"

నేను కళ్లు మూసుకున్నాను. ఆమె తడబడలేదు. "ఫొటోకి కత్తెర లేదు కదండీ పెదనాన్నా, తీగ ఎటు పోతే అటు పోనిస్తుంది. గుడ్డ కోసినప్పుడు గుండీల దగ్గర విడిపోతుంది. కలిపి కుట్టాలంటే గుడ్డ కొంచెం ఎక్కువ పడుతుంది. ఇది తొందరలో కుట్టాను. మీవి కలిపే కుడతాను."

ఆయన గుండీల పట్టీ రెండంచులనూ వేళ్లతో కలిపి చూశారు. తర్వాత నాతో ఎంతో మర్యాదగా అన్నారు: "అల్లుడు గారూ, ఏమీ అనుకోకుండా ఒక్కసారి ఆ చొక్కా విప్పుతారా?"

అనుకోవడానికి నాకు వ్యవధి ఇవ్వలేదు. ఆయన అప్పటికే తన చొక్కా విప్పేసి పక్కవాళ్ల చేతికిచ్చారు. నా చొక్కా తొడుక్కున్నారు. పొట్ట దగ్గర గుండీ మళ్లీ బెదిరించింది, అదే మనిషి అనుకుని. ఆయన స్తంభం మీద చెయ్యి ఆనించారు. చంక దగ్గర విసనకర్ర విచ్చుకుంది. గుత్తి మడత మీదికి వచ్చి వేలాడింది. ఒకరు ఫోను ఆయన పక్కన పట్టుకున్నారు. వరండాలో నవ్వు మొదలై చర్చి లోపలి దాకా వెళ్లింది. ఆయన భార్య దూరం నుంచి చూసి, చివరి బెంచీకి కూడా కనబడతారు, బాగుంది అన్నారు. ఆ మాటతో సంఘం తీర్మానం అయిపోయినట్టే.

"ఈ ఫొటో నిజమే చెప్తోందిలే. అలాగే కుట్టమ్మా," అన్నారాయన తనను తాను కిందికి చూసుకుంటూ. "అందరూ వరసలో నిలబడండి, అమ్మాయి కొలతలు తీసుకుంటుంది."

మా ఆవిడ టేపు మెడలో వేసుకుంది. ముందు ఆయన మెడ కొలిచింది. ఆయన నా చొక్కా విప్పే ఉద్దేశంలో లేరు. నేను బనీనుతో స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. ఎవరో నా చేతిలో ఫోను పెట్టి వరసలోకి వెళ్లారు. అందులో నేను చొక్కా తొడుక్కుని చాలా హుందాగా ఉన్నాను.