జహాజు రాకముందే కట్టిన ధర

మిల్లు కొనే నాటికి వడ్ల గురించి నాకు తెలిసింది ఒక్కటే, ఆడిస్తే బియ్యం వస్తాయని. మావాళ్లు శ్రీకాకుళం తీరం నుంచి వలలతో వచ్చి ఈ దీవుల్లో స్థిరపడ్డవాళ్లు. నాన్న పోయాక పడవ అమ్మేసి, చాలని డబ్బుకు బ్యాంకులో అప్పు చేసి, బాంబూఫ్లాట్ జెట్టీకి కాస్త పైనున్న వడ్లు ఆడించే చిన్న హల్లరు మిల్లు కొన్నాను. బెస్తవాడికి వడ్లెందుకని నవ్వారు అందరూ. నాకు రోషం ఎక్కువ. నవ్వితే ఇంకా గట్టిగా పట్టుకునే రకాన్ని.

మొదటి ఏడే చేతులు కాలాయి. అడవి కొట్టి పొలాలు చేసుకున్న సెటిలర్లు పుష్యమాసంలో కోతలు కాగానే వడ్లు తెచ్చి అమ్ముతారు. అందరితో పోటీపడి కొన్నాను. వానలు మొదలై, మద్రాసు, కలకత్తాల నుంచి బియ్యం ఓడలు, మా మాటలో జహాజులు, ఆలస్యమైతే ధర లేస్తుందనీ, అప్పుడు అమ్ముకుంటాననీ లెక్క వేసుకున్నాను. ఆ ఏడు జహాజు ఆలస్యం కాలేదు. ఒకదాని వెనక ఒకటి రెండు వచ్చాయి. మా దగ్గర బియ్యం ధర పొలంలో పుట్టదు, నీళ్లకవతల జహాజులు ఆగే హాడో రేవులో పుడుతుంది. బస్తా ఎంతకు తయారైందో అంతకన్నా తక్కువకే అమ్మి, బ్యాంకు కిస్తీ కట్టలేక తల దించుకున్నాను. ఇంకో ఏడు ఇలాగే అయితే మిల్లు పోతుందని బ్యాంకువాళ్లు మర్యాదగానే చెప్పారు.

హాడోలో రేవు కూలీలకు మెస్సు నడిపే ఒక అక్క నా దగ్గర బియ్యం కొనేది. మా అమ్మ తరఫు ఊరే ఆమెది. భర్త సముద్రంలో పోయాక ఒంటిచేత్తో ఆ మెస్సు నిలబెట్టింది. మాటలో కారం, కూరలోనూ కారం. తర్వాతి కోతల ముందు ఆర్డరు కోసం వెళితే నా మొహం చూసి విషయమంతా లాగింది. విన్నాక జాలిపడలేదు, తిట్టింది.

"ఏటి తమ్ముడూ, నువ్వు మిల్లు ఆడిస్తున్నావా, జూదం ఆడిస్తున్నావా? జహాజు ఒచ్చేది రానిదీ నీ సేతిలో ఉందేటి?"

"మరేం చెయ్యమంటావక్కా?"

"ఇప్పుడే రేటు కట్టీసుకుందుం. ఆషాడం నుంచి ఆశ్వీజం దాకా నెలనెలా నాకింత బియ్యమని రాసుకుందుం. ఆ రోజు బజార్ల ఎంతున్నా సరే, నువ్వదే రేటుకి ఇవ్వాల, నాను అదే రేటుకి తీసుకోవాల. నీకు పడిపోతాదని బయ్యం. నాకు లెగిసిపోతాదని బయ్యం. ఇద్దరి బయ్యం ఒక్క కాయితంతో పోద్ది."

ఆమె భయం నాకప్పటిదాకా తట్టలేదు. కూలీల సంఘంతో ఆమె ప్లేటు భోజనం ధర ఏడాదికోసారి కుదురుతుంది. మధ్యలో బియ్యం ధర లేస్తే ప్లేటు ధర పెంచే వీలు లేదు. చేతిలోంచి పెట్టుకోవాల్సిందే.

మెస్సు బల్ల మీదే లెక్క కట్టాం. మూడు బస్తాల వడ్లు ఆడిస్తే రెండు బస్తాల బియ్యం. వడ్ల ధర, ఆడించే ఖర్చు, ఫెర్రీ కూలి, బ్యాంకు కిస్తీ అన్నీ వేసి, తవుడు, ఊక అమ్మితే వచ్చేది తీసేస్తే బస్తా బియ్యం నాకు నూట పాతిక రూపాయలకు పడుతుంది. నూట నలభైకి కట్టుకున్నాం. ఏ రకం బియ్యం, నూక ఎంతవరకు ఉండొచ్చు, హాడో జెట్టీలో దింపడం ఎవరి ఖర్చు, అన్నీ రాశాం. బయానా ఏమైనా ఇస్తావా అని నసిగాను.

"బయానా ఎందుకు? ఇయ్యాల నువ్వు నాకేటీ ఇవ్వలేదు, నాను నీకేటీ ఇవ్వను. సరుకు దిగిన రోజు డబ్బు. అంతే, పక్కా."

ఉత్సాహం ఆగక, ఆడించేదంతా ఆమెకే రాసేస్తానన్నాను. మళ్లీ తిట్టింది. "మొత్తం కట్టీకు. మిషను మొరాయిస్తే బజార్ల ఎక్కువెట్టి కొని తెచ్చి నాకు పొయ్యాల. సగానికి మించి ఒద్దు."

ఆ రాత్రి చాన్నాళ్లకు సుఖంగా నిద్రపోయాను. కోతలప్పుడు వడ్లు కూడా భయం లేకుండా కొన్నాను, ఎంతవరకు పెట్టొచ్చో తెలుసు కాబట్టి.

ఆ ఏడూ జహాజులు వేళకే వచ్చాయి. శ్రావణానికి బస్తా నూట పదికి పడింది. నాకు కట్టని సగం మీద దెబ్బ తగిలింది కానీ, కట్టిన సగం ఆ దెబ్బను కాచుకుంది. కిస్తీ కట్టాను. మిల్లు నిలిచింది. అక్కడితో ఆగి దేవుడికి దణ్ణం పెట్టుకోవాల్సింది. నేను సిగ్గుపడడం మొదలుపెట్టాను.

సరుకు దింపడానికి వెళ్లిన ప్రతిసారీ ఆమె డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టేది. పక్క కొట్లో నూట పదికి అదే బియ్యం. జెట్టీలో కూలీలు ఊరుకుంటారా? "క్యా భయ్యా, అక్కని ముంచీసినావు కదా" అని ఎగతాళి. మా బెస్తవాళ్లలో ఒక పద్ధతి ఉంది. వేట పడ్డ పడవ, ఖాళీగా వచ్చిన పడవకు కూరకింత చేప ఇచ్చి గానీ ఇంటికి పోదు. ఇవ్వనివాణ్ణి మనిషిగా చూడరు. అందులో పుట్టి పెరిగినవాణ్ణి, ఒక్కణ్ణే గంప నింపుకుని పోతున్నట్టు కుమిలిపోయాను.

చివరి సరుకు దింపిన రోజు తేడాలో సగం తగ్గించి, నూట పాతిక చాలన్నాను.

ఆమె చేస్తున్న పని ఆపి నా వైపు చూసింది. "ఎందుకు?"

"నీకు నష్టం కదక్కా."

"నాకేటి నష్టం? నూట నలభై మీదే నా ప్లేటు రేటు కట్టీసినాను. నాకు రావాల్సింది నాకొచ్చింది. నువ్వు బతికినావు, నాను బతికినాను. మద్దిల ఈ దరమం ఏటి?"

నిజం ఆమె అంత తేటగా చెప్పినా నాకు ఎక్కలేదు. నా బాధ నాది. మిగతా డబ్బు బల్ల మీదే వదిలేసి ఫెర్రీ ఎక్కేశాను. వెనక నుంచి ఆమె అన్నది మాత్రం వినబడింది. "సరే తమ్ముడూ. గుర్తెట్టుకుంటాను."

తిరుగు ఫెర్రీలో ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మంచివాణ్ణనిపించుకోవడంలో ఉన్న సుఖం మరి దేనిలోనూ లేదు.

మరుసటి ఏడు నూట ముప్పై అయిదుకు కట్టుకున్నాం. నాకు పడే ఖర్చు దానికి బాగా లోపలే ఉంది. ఆ ఏడు వానల్లో జహాజు రాలేదు. ఇదిగో అదిగో అంటూ రేవులో రోజూ కబుర్లే. ధర లేచి లేచి నూట ఎనభై అయింది. వ్యాపారులు మిల్లు గుమ్మం దగ్గరకే వచ్చి అడుగుతున్నారు. కట్టని సగం ఆ ధరకే అమ్ముకున్నాను, సంతోషమే. కట్టిన సగాన్ని మాట ప్రకారం హాడో చేర్చాను. కానీ బస్తా దింపిన ప్రతిసారీ నా చూపు ఆమె చేతుల మీదే. పోయినేడు నేను వదులుకున్నానుగా అని లోపల ఒక గొంతు. పైకి అనలేదు. అనకపోవడం కూడా ఒక అడగడమేనని ఇప్పుడు తెలుసు.

ఆమె ఆ చూపు చదివింది. డబ్బు లెక్కపెట్టి, దాని మీద ఇంకొంత పెట్టింది. సరిగ్గా తేడాలో సగం.

"ఎందుకక్కా?" అన్నాను. ఒక్కసారే అన్నాను.

"పోయినేడు నువ్వెట్టినావు. ఈ ఏడు నాను ఎట్టకపోతే మనిసిని కాను."

తీసుకున్నాను. ఆ నెలా తీసుకున్నాను, పై నెలా, ఆ పై నెలా తీసుకున్నాను. ఆ డబ్బు నాకు అవసరం లేదు. నా ఖర్చు, కిస్తీ, లాభం అన్నీ కాగితంలోని ధరలోనే వచ్చేశాయి. ఆమెకు మాత్రం అదనంగా ఇచ్చే ప్రతి రూపాయీ పొయ్యి కింది కట్టెల్లోంచి, కూరలో నూనెలోంచి తీయాల్సిందే. ప్లేటు ధర పెంచే దారి లేదని మొదటి రోజే ఆమె నాకు చెప్పింది. నేను ఒక్కసారి తగ్గించింది, ఒక్క నెల సరుకు మీద. ఆమె తిరిగి ఇచ్చింది నెలనెలా.

మజ్జిగ పోయింది, తర్వాత చేప ముక్క చిన్నదైంది. కూలీలు వేరే మెస్సులకు జారుకున్నారు. దీపావళి లోపలే మెస్సు మూతపడింది. పెద్ద గిన్నెలు అమ్మేస్తుంటే చూశాను. ఆమె ఎక్కువిచ్చిన డబ్బు తిరిగి తీసుకెళ్లి ఇవ్వబోయాను, తలుపు దగ్గర నిలబడి. తీసుకోలేదు. కోపంగా కూడా లేదు, అదే నన్ను చంపింది.

"ఇంకెందుకు తమ్ముడూ? పొయ్యి ఆరిపోనాది."

తర్వాత ఆమె డిగ్నాబాద్ వైపు ఒక హాస్టల్ వంటింట్లో జీతానికి చేరింది. యజమానురాలిగా నిలబడ్డ మనిషి ఇంకొకడి గంట విని గరిటె పట్టింది. నేను మాత్రం మిల్లుకు రెండో హల్లరు పెట్టాను. వడ్లు కొనే ముందే సగానికి ధర కట్టుకునే విద్య ఆమె నేర్పిందే.

ఆ హాస్టల్ కాంట్రాక్టరే ఒక ఏడు నాతో రేటు కట్టుకున్నాడు. ధర పడింది. సరుకు దింపుతుంటే "థోడా దేఖ్ లో భయ్యా, కుఛ్ కమ్ కరో" అని, కాస్త తగ్గించమని బతిమాలాడు. వెనక వంటింటి గుమ్మంలో ఆమె నిలబడి వింటోంది. తలలో కొత్త తెల్లవెంట్రుకలు. సగం వదిలేసే పాత పిచ్చి మళ్లీ లేచింది. చివరికి కాగితంలో ఉన్న ధర అంతా అడిగి, అంతా తీసుకున్నాను. వాడు నన్ను కసాయి అని గొణుక్కుంటూ పోయాడు.

ఆమె వచ్చి బస్తాలోంచి గుప్పెడు బియ్యం తీసి, నూక చూసి, లోపల పెట్టించమంది. నేను ఏదో అనబోయాను. క్షమించమనే అనుకుంటాను.

"ఆడి మాటలు పట్టించుకోకు. రేటు లెగిసిన ఏడు ఆడి దగ్గర ఒక్క పైసా ఎక్కువ అడక్కు. అప్పుడు ఎవులూ మెస్సు మూసుకోనక్కర్లేదు" అని, బియ్యం చెయ్యి కొంగుకు తుడుచుకుని వంటకి వెళ్లిపోయింది.