నేనడిగిన ఆరు నెలలు

రెండువేల దశకం చివర్లో మదనపల్లె టమోటా మండీ యజమానికి నేను ప్రామిసరీ నోటు రాసి బాకీపడి ఉన్నాను. అది తీర్చాల్సిన నలభై వేలు పుంగనూరు నెట్ సెంటర్లో కూర్చుని, క్రికెట్ మీద ఆన్‌లైన్ పందేలు కాసి పోగొట్టాను. సిగ్గు చంపుకుని అదంతా జాబులో రాశాను. బాకీ నాదేనని ఒప్పుకుని, ఆరు నెలలు గడువు అడిగి, సంతకం, తేదీ పెట్టాను.

తీసుకెళ్లి ఆయన చేతికిచ్చాను. తిడతాడనుకున్నాను. ఆయన చదివి, బీరువాలోంచి నా మీద వెయ్యబోయే దావా కాగితాలు తీశాడు.

"ఇంకో పది దినాలకు మూడేండ్లు నిండి నీ నోటు కాలదోషం పట్టి కోర్టులో చెల్లకుండా పోతాది. రేపు కోర్టులో వేద్దామనుకుంటి. ఇంక పనిలేదప్పా. నువ్వు బాకీ ఒప్పుకున్న ఈ సంతకంతో దావా వెయ్యను మళ్లీ మూడేండ్లు ఉండాది నాకు. నిదానంగా కట్టు," అని జాబును నోటుకు పిన్ను కొట్టాడు.

నేనడిగింది ఆరు నెలలు. ఆయనకు మూడేళ్లిచ్చి వచ్చాను, దద్దమ్మని!