అమావాస్య నాడు ఆగిన అసైన్‌మెంట్

హిందూపురం డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతున్న రోజుల్లో, పెనుకొండ నుంచి రైల్లో వచ్చే ఒక విద్యార్థిని నాకు ఈమెయిల్ పంపింది. అసైన్‌మెంట్ గడువు ముందురోజే ముగిసింది. "రాసి పెట్టుకున్నాను సార్. నిన్న అమావాస్య అని నాయన ఇవ్వనీలేదు. ఈ రోజు తీసుకోండి. పది మార్కులు పోతాయి."

నేను దేవుణ్ణి నమ్మనని కాలేజీలో అందరికీ తెలుసు. అమావాస్య భయాలను ఉతికి ఆరేస్తూ మూడు పేరాలు రాశాను. చదువుకుని చెరిపేశాను. ఆ అమ్మాయి అడిగింది మార్కుల గురించి.

చివరికి ఇలా పంపాను: "తీసుకోలేను. గడువు పెంచాలంటే ముందే అడగాలని మొదటి రోజే అందరికీ చెప్పాను. ఈ ఉదయం జవాబులు తరగతిలో చర్చించాం. ఇప్పుడు నీకు మార్కులు వేస్తే మిగతావాళ్లకు అన్యాయం. రెండు అసైన్‌మెంట్లలో ఎక్కువ వచ్చినదే లెక్కలోకి వస్తుంది, రెండోది ఇంకా ఉంది. రాసినది బుధవారం తెస్తే, మార్కులు వేయకుండా దిద్ది లోపాలు చెబుతాను."

బుధవారం ఆ అమ్మాయి రాసినది తెచ్చింది.

"దేవుడంటే పడని సారు, కావాలనే చేసినాడని నాయన అంటాండాడు సార్."

"నువ్వు సినిమాకు పోయి ఇవ్వడం మరిచిపోయినా ఇదే జవాబని చెప్పమ్మా."

నవ్వింది. ఎర్ర సిరా గీతలన్నీ ఓపిగ్గా చూసుకుంది.

రెండో అసైన్‌మెంట్ గడువుకు రెండు రోజుల ముందే తెచ్చింది.

"ఈ రోజు మంచిదేనా?" అన్నాను.

"క్యాలెండర్‌లో మీ తేదీ ఒక్కటే చూసినా సార్."