లాంబ్డా పూడ్చలేని గ్యాప్

అమీర్‌పేటలో లెక్కలు చెప్పే ఉద్యోగం కావాలంటే ముందు డెమో క్లాసు చెప్పాలి. బెంచీల్లో విద్యార్థులుండరు. అక్కడ పనిచేసే సార్లే విద్యార్థుల్లా కూర్చుని, తెలిసినవే తెలియనట్టు అడుగుతారు. నాకు ఒళ్లు మండే పద్ధతి అది. అయినా ఆ రోజు మైత్రీవనం వెనక ఉన్న కోచింగ్ సెంటర్ మెట్లు నోరు మూసుకుని ఎక్కాను. కాలేజీలో పార్ట్ టైం ఉద్యోగం పోయింది. ఇదీ రాకపోతే కింది అంతస్తులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరిపోతానని ఇంట్లో మాటిచ్చేశాను. లెక్కలకు అంతటితో దణ్ణం పెట్టేయడమే.

నాకిచ్చిన అంశం లగ్రాంజ్ డ్యుయల్. బోర్డు మీద ఒక కాన్వెక్స్ సమస్య, అంటే వంపులన్నీ గిన్నెలా పైకి తెరుచుకునేది, రాశాను. e⁻ˣ ను వీలైనంత తగ్గించాలి. షరతు ఒక్కటే, x²/y ≤ 0. y ఎప్పుడూ సున్నా కన్నా ఎక్కువ. షరతు పాటించాలంటే x సున్నా కావాల్సిందే, కాబట్టి అసలు జవాబు ఒకటి. డ్యుయల్‌లో షరతు తీసేసి, దాన్ని మీరినంత మేర లాంబ్డా రేటున జరిమానా వేస్తాం. అప్పుడు మొత్తం ఎంత కిందికి దిగగలదో అదే డ్యుయల్ ఫంక్షన్. ఇక్కడ x ను పెంచితే e⁻ˣ సున్నా వైపు దిగుతుంది, y ని అంతకన్నా చాలా ఎక్కువ పెంచితే జరిమానా కూడా కరిగిపోతుంది. అందుకే ఏ లాంబ్డాకైనా డ్యుయల్ విలువ సున్నాయే. ఒకటికీ సున్నాకీ మధ్య మిగిలిన ఆ ఒకటే డ్యుయాలిటీ గ్యాప్.

కాన్వెక్స్ అయితే గ్యాప్ సున్నా అని ఆ వీధి వీధంతా బట్టీ పట్టిస్తుంది. కాదని చూపించానని లోపల పొంగిపోతూ, "షరతు విలువను సున్నాకి కిందికి దించే బిందువు ఒక్కటీ లేదు. స్లేటర్ షరతు తప్పింది, అందుకే గ్యాప్," అని ముగించాను.

ముందు బెంచీలో ఒక పెద్దాయన చెయ్యెత్తారు. అక్కడ అందరికన్నా సీనియర్ ఆయనే.

"మేడమ్, x² ≤ 0 అనే షరతుతో x ను తగ్గించమంటే? అక్కడా స్లేటర్ తప్పిందిగా. గ్యాప్ మాత్రం సున్నా. మరి ఇక్కడెందుకొచ్చిందండీ?"

ముంచడానికే అడిగారనుకున్నాను. మనసులో లెక్క వేసుకుంటే డ్యుయల్ −1/(4λ) వచ్చింది. లాంబ్డా పెరిగేకొద్దీ సున్నాకి చేరువవుతుంది, అసలు జవాబూ సున్నాయే. ఆయన మాట నిజం. నా "అందుకే" కుప్పకూలింది.

వెనక నుంచి కోచింగ్ సెంటర్ డైరెక్టర్ గొంతు. "టైం అయిపోతున్నది మేడమ్. గా డౌటు జర పక్కకు పెట్టి, షార్ట్‌కట్ చెప్పి ఖతం చేయుండ్రి."

ఉద్యోగం కావాలంటే ఆ మాట వినాలి. కానీ పెద్దాయన వైపు చూశాను. పెన్ను మూత తీసి, మెడ ముందుకు చాచి ఎదురుచూస్తున్నారు. నటించేవాళ్లు అలా కూర్చోరు. ఆయనకు నిజంగానే తెలియదు. నాకు కోపమంతా దిగిపోయింది.

"షరతును పిసరంత వదులు చేద్దాం సార్," అన్నాను. "మీ లెక్కలో x² ≤ u అంటే జవాబు −√u. u సున్నాకి వస్తుంటే అదీ మెల్లగా సున్నాకి వస్తుంది. నా లెక్కలో u ఎంత చిన్నదైనా సరే, y ని పెంచి x ను ఎంతకైనా తీసుకుపోవచ్చు. విలువ సున్నా దాకా పడిపోతుంది. సరిగ్గా u సున్నా దగ్గర మాత్రం ఒకటికి ఎగురుతుంది. డ్యుయల్ ఆ విలువల గ్రాఫుకు కింద నుంచి ఆనించే తిన్నని గీతల్లాంటిది. ఆ గెంతు దానికి కనబడదు."

"గెంతు," అన్నారాయన మెల్లగా. "ఇదా సంగతి!" ఆ ముఖంలో వెలుగు చూసి, ఉద్యోగం రాకపోయినా పర్లేదనిపించింది.

ఆ ధైర్యం డైరెక్టర్ లేచేదాకే నిలిచింది. "మస్తు టైం తీసుకున్నరు మేడమ్. గిట్లయితే సిలబస్ ఎట్లయితది?"

నేను బ్యాగు అందుకున్నాను. పెద్దాయన అడ్డొచ్చారు. "ఆ డౌటు నాదేనయ్యా. డెమోకి వచ్చిన ప్రతివాళ్లనీ అడిగాను. అందరూ స్లేటర్ అని చెప్పి దులిపేసుకున్నారు. కళ్లు కనబడట్లేదు, మానేస్తానంటే మనిషి దొరకలేదని నువ్వేగా ఆపావు? ఇప్పుడు దొరికింది. నా బ్యాచ్ ఈ అమ్మాయికివ్వు."

డైరెక్టర్ తల గోక్కున్నాడు. "మీరే గట్లంటే నేనేం జేస్త సార్? సరే మేడమ్, రేపటి సంది రాండ్రి."

మర్నాడు నిజమైన విద్యార్థులతో గది నిండిపోయింది. అదే సమస్య రాసి, గ్యాప్ ఎంత అని అడిగాను. తప్పు చెబుతామేమోనని ఒక్కరూ నోరు విప్పలేదు. సమస్య కింద గీత గీసి మళ్లీ అడిగాను.

ముందు బెంచీ చివర, పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్న పెద్దాయన చెయ్యెత్తారు.

"కాన్వెక్సే కదా మేడమ్," అన్నారు, ఏమీ తెలియనట్టు ముఖం పెట్టి, గదంతా వినబడేలా. "గ్యాప్ సున్నా!"